నర్సు చెల్లెలి రాజీనామా ఉత్తరం: ఇంగ్లీషు నుంచి ఫ్రెంచికి

(వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటేడు నేను జీతం చీటీ చదవడం గురించి మాట్లాడాను. ఈసారి ఒక్క ఉత్తరం గురించే మాట్లాడతాను. అది ఒక క్లినిక్‌లో పనిచేసిన నర్సు రాజీనామా ఉత్తరం. ఇంగ్లీషులో పది లైన్లు, ఫ్రెంచిలో పన్నెండు. దాన్ని నేనే తర్జుమా చేశాను. మొదట వేరేవాళ్లు చేసిన తర్జుమా ఒకటి ఉంది. ఆ రెండింటికీ ఉన్న తేడా వల్ల ఆ అమ్మాయికి దాదాపు నాలుగు వారాలు పోయాయి. ఆమె అనుమతితోనే చెబుతున్నాను. పేరు, క్లినిక్ పేరు, ఊరు పేరు చెప్పను.

ఆమెది రాజమండ్రి దగ్గర ఊరు. నర్సింగు హైదరాబాదులో చదివింది. తర్వాత ఐర్లండు వెళ్లి ఎనిమిదేళ్లు డబ్లిన్‌లో పనిచేసి, అక్కడి పౌరసత్వం తీసుకుంది. భర్తకు దక్షిణ ఫ్రాన్సులో ఉద్యోగం రావడంతో ఇక్కడికి వచ్చింది. మన దేశపు డిప్లొమా ఒక్కటే చేతిలో పెట్టుకుని నేరుగా వచ్చినవాళ్లను ఇక్కడ నర్సు పని చేయనివ్వరని మీకు తెలుసు. ఈమెకు ఐర్లండు గుర్తింపు, అక్కడి అనుభవం, అక్కడి పౌరసత్వం ఉన్నాయి కాబట్టి అనుమతి వచ్చింది. ఒక ప్రైవేటు క్లినిక్‌లో సే-దే-ఈ మీద చేరింది. సే-దే-ఈ అంటే ముగింపు తేదీ లేని ఉద్యోగ ఒప్పందం. రోగులతో ఫ్రెంచి బాగానే మాట్లాడుతుంది. రాయాల్సి వస్తే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. మనలో చాలామందికి ఉన్న కష్టమే అది.

2024 జనవరిలో డబ్లిన్‌లో పాత ఆసుపత్రి వాళ్లే మళ్లీ పిలిచారు. మార్చి 25, సోమవారం నాడు చేరాలి. ఆమె ఒప్పందంలో రాజీనామా చేస్తే రెండు నెలల నోటీసు అని రాసి ఉంది. జనవరి 5న ఉత్తరం ఇచ్చింది. మార్చి మొదటి వారానికి రెండు నెలలు నిండుతాయని, ఆ తర్వాత సామాను సర్దుకుని వెళ్లడానికి రెండు వారాలకు పైగా తీరిక ఉంటుందని లెక్క వేసుకుంది. లెక్క తప్పేమీ కాదు. ఉత్తరమే తప్పు.

ఆ ఇంగ్లీషు ఉత్తరం ఎలా ఉందో మీరు చూడకుండానే చెప్పగలరు. మనం బళ్లో నేర్చుకున్నదే అది. గౌరవనీయులైన మేడమ్ గారికి, సవినయంగా మనవి చేసుకునేది ఏమనగా, వ్యక్తిగత కారణాల వల్ల నేను సేవలు కొనసాగించలేకపోతున్నాను, కావున దయతో నా రాజీనామాను ఆమోదించి వీలైనంత త్వరగా విధుల నుంచి విముక్తి చేయవలసిందిగా ప్రార్థన, ఇట్లు మీ విధేయురాలు. మన ఊళ్లో తహసీల్దారుకి రాసే అర్జీ, హెడ్మాస్టరుకి రాసే సెలవు చీటీ, ఆసుపత్రికి రాసే రాజీనామా, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. అందులో తప్పేమీ లేదు. అక్కడ రాజీనామా అంటే పైవాళ్లు ఆమోదించాలి, రిలీవింగ్ ఆర్డరు చేతికి రావాలి. అది రాకపోతే కొత్త చోట చేర్చుకోరు.

ఫ్రాన్సులో అలా కాదు. ఇక్కడ ఉద్యోగి రాజీనామా ఒకవైపు నిర్ణయం. దీన్ని దెమిసియోన్ అంటారు. యజమాని ఒప్పుకోవాల్సిన పని లేదు, కాదనే హక్కూ లేదు. మీరు నిర్ణయం తీసుకున్నారు, ఆ సంగతి వాళ్లకు తెలియజేస్తున్నారు, అంతే. కారణం చెప్పాల్సిన అవసరం కూడా లేదు. దానికి బదులు ఇక్కడి చట్టం అడిగేది ఒకటుంది. ఆ నిర్ణయం స్పష్టంగా, రెండర్థాలకు తావు లేకుండా ఉండాలి. మీరు వెళ్లిపోతున్నారా లేక వెళ్లాలని ఆలోచిస్తున్నారా అన్న అనుమానం చదివినవాళ్లకు కలిగితే ఆ కాగితం రాజీనామా కాకుండా పోవచ్చు.

ఇప్పుడు మొదటి తర్జుమాకి వస్తాను. ఆమెకు తెలిసిన ఒకావిడ, ఫ్రెంచి వచ్చినావిడే, ఇంగ్లీషు ఉత్తరాన్ని మాటకు మాట మార్చి ఇచ్చింది. మంచి మనసుతోనే చేసింది. అందులో మూడు చోట్ల దెబ్బ తగిలింది.

మొదటిది ప్రార్థన. 'దయతో నా రాజీనామాను ఆమోదించండి' అన్న మాట ఫ్రెంచిలోకి వెళ్లేసరికి, 'నేను రాజీనామా చేయాలని కోరుకుంటున్నాను, మీరు అంగీకరించగలరా' అన్నట్టు తయారైంది. ఫ్రెంచిలో మర్యాద కోసం క్రియని మెత్తగా మార్చే పద్ధతి ఉంది. కాఫీ అడిగేటప్పుడు అది అందంగా ఉంటుంది. రాజీనామాలో వాడితే నిర్ణయం కాస్తా కోరికగా మారిపోతుంది.

రెండోది నోటీసు అన్న మాట. ఇంగ్లీషు ఉత్తరంలో రెండు నెలల నోటీసు ఇస్తున్నానని ఉంది. ఫ్రెంచిలోనూ 'నోతీస్' అన్న మాట ఉంది. కానీ దానర్థం మందు డబ్బాలో మడతపెట్టి ఉండే వాడుక కాగితం. నర్సులకు రోజూ చేతిలో ఉండే కాగితమే. ఆ ఉత్తరం చదివిన గుమాస్తాకి ఈ రెండు నెలల వాడుక కాగితం ఏమిటో అర్థం కాలేదు. ఉద్యోగం మానే ముందు పనిచేయాల్సిన గడువుకి ఇక్కడి మాట ప్రెఆవి. ముందుగా తెలియజేయడం అని దాని అర్థం. ఈ ఒక్క మాట ఉత్తరంలో లేకపోవడం వల్ల గడువు గురించి అసలు ప్రస్తావనే లేనట్టయింది.

మూడోది అన్నిటికంటే చిన్న మాట, అన్నిటికంటే పెద్ద దెబ్బ. చివరకు మార్చిలో వెళతాను అనే అర్థంలో ఆమె ఇంగ్లీషులో 'ఈవెంచువల్లీ' అని రాసింది. ఫ్రెంచిలో అలాగే వినిపించే మాట 'ఎవాంత్యుయెల్మాన్'. దానర్థం 'బహుశా, అవసరమైతే'. అంటే క్లినిక్‌కి చేరిన కాగితంలో ఉన్నది ఇది: రాజీనామా చేయాలని కోరుకుంటున్నాను, మీరు ఒప్పుకుంటే, బహుశా మార్చిలో.

దానికి తోడు ఆ ఉత్తరాన్ని తన వార్డు బాధ్యురాలి చేతికి ఇచ్చి వచ్చేసింది. తీసుకున్నట్టు సంతకం అడగలేదు. మొహమాటం. రోజూ కలిసి పనిచేసే మనిషిని సంతకం ఎలా అడుగుతామండీ అంది నాతో. ఆ బాధ్యురాలు దాన్ని సొరుగులో పెట్టిందో, పైకి పంపిందో ఎవరికీ తెలియదు. జనవరి 26, శుక్రవారం నాడు హెచ్.ఆర్. విభాగం నుంచి ఫోను వచ్చింది. మీ అభ్యర్థన మాకు అందింది, మీరు నిజంగా మానేస్తున్నారా, ఎప్పుడు, అని చాలా మర్యాదగా అడిగారు. మూడు వారాలుగా తన గడువు నడుస్తోందని ఆమె అనుకుంటోంది. వాళ్ల లెక్కలో అది ఇంకా మొదలే కాలేదు. వాళ్లను నేను తప్పుపట్టను. ఆ కాగితం నా చేతికి వచ్చినా అదే ప్రశ్న అడిగేవాణ్ణి.

మర్నాడు పొద్దున ఆమె నాకు ఫోను చేసింది. ఏడుపు ఆపుకుంటూ మాట్లాడింది. ఆ ఆదివారం కూర్చుని ఇద్దరం కొత్త ఉత్తరం రాశాం. దాన్ని వాక్యం వాక్యం చెబుతాను. ఫ్రెంచి లిపిలో ఉన్న నకలు మీకు విడిగా పంచుతున్నాం కాబట్టి, ఈ పుస్తకంలో పలికే తీరుని మన అక్షరాల్లోనే పెడుతున్నాను.

పైన ఎడమ పక్క తన పేరు, చిరునామా. కుడి పక్క క్లినిక్ పేరు, చిరునామా, డైరెక్టరు హోదా. దాని కింద ఊరు, తేదీ. తర్వాత విషయం అనే లైను: 'ఒబ్జె: దెమిసియోన్'. ఈ ఒక్క మాట చాలు. విషయం చోట 'అభ్యర్థన' అన్న మాట రానివ్వకండి. సంబోధన 'మదామ్ ల దిరెక్త్రీస్'. గౌరవనీయులైన, పూజ్యులైన అన్నవి పెట్టక్కర్లేదు. హోదాతో పిలవడమే ఇక్కడ గౌరవం. 'ప్రియమైన మేడమ్' అంటే మరీ చనువు.

మొదటి వాక్యమే అసలు వాక్యం. 'జ వుజ్ ఎన్‌ఫోర్మ్ ద మా దెసిజియోన్ ద దెమిసియొనె ద్యు పోస్త్ దెన్‌ఫిర్మియేర్ క జొక్యూప్...' అంటే, మీ సంస్థలో ఫలానా తేదీ నుంచి నేను చేస్తున్న నర్సు ఉద్యోగానికి రాజీనామా చేయాలన్న నా నిర్ణయాన్ని మీకు తెలియజేస్తున్నాను. ఇందులో 'తెలియజేస్తున్నాను', 'నా నిర్ణయం' అన్న రెండు మాటలే బరువు మోసేవి. ఆమె చదివి, అన్నయ్యా, ఇది చాలా కటువుగా లేదూ, కనీసం దయతో అని ఒక్కసారైనా పెడదాం అంది. మర్యాదంతా చివరి లైనులో వస్తుంది, ఇక్కడ వద్దమ్మా అన్నాను.

రెండో వాక్యం గడువుది. 'కోన్‌ఫోర్మెమాన్ అ మోన్ కోంత్రా ద త్రవాయ్ ఎ అ ల కోన్వెన్సియోన్ కొలెక్తీవ్ అప్లికాబ్ల్, జ రెస్పెక్తరె అన్ ప్రెఆవి ద ద్యొ మ్వా.' నా ఉద్యోగ ఒప్పందం ప్రకారం, నాకు వర్తించే సామూహిక ఒప్పందం ప్రకారం, రెండు నెలల ప్రెఆవి పాటిస్తాను. ఈ రెండు నెలలు అన్నది ఆమె కాగితాల్లో ఉన్నది. మీకు ఒక నెల ఉండొచ్చు, మూడు ఉండొచ్చు. వంటవాళ్లకు ఒక రకం, భవన నిర్మాణంలో ఉన్నవాళ్లకు ఒక రకం, క్లినిక్‌లోనే నర్సుకి ఒక రకం, పై హోదా వాళ్లకు మరొకటి ఉంటుంది. మీకు ఏ సామూహిక ఒప్పందం వర్తిస్తుందో జీతం చీటీ మీదే దాని పేరు ఉంటుంది. అది చూసి, మీ ఒప్పందంలో ఉన్న సంఖ్యతో పోల్చి, అప్పుడు రాయండి. పక్కవాడి ఉత్తరంలోని సంఖ్యని ఎత్తి రాయకండి.

మూడో వాక్యం దగ్గర ఇద్దరం చాలాసేపు ఆగిపోయాం. గడువు ఏ రోజు మొదలవుతుంది? ఉత్తరం మీద వేసిన తేదీ నుంచి కాదు. పోస్టు చేసిన రోజు నుంచీ కాదు. రిజిస్టర్డు పోస్టులో పంపితే పోస్టుమాన్ దాన్ని మొదటిసారి యజమాని గుమ్మానికి తెచ్చిన రోజు నుంచి. వాళ్లు ఆ రోజు తీసుకోకపోయినా, వారం తర్వాత పోస్టాఫీసుకి వెళ్లి తెచ్చుకున్నా లెక్క మాత్రం ఆ మొదటి రోజు నుంచే. చేతికే ఇస్తే ఇచ్చిన రోజు నుంచి. అంటే పోస్టులో పంపే ఉత్తరం రాసేటప్పుడు ఆ తేదీ మనకు తెలియదు. తెలియని తేదీని ఊహించి రాస్తే తర్వాత తగువు. అందుకని తేదీ రాయలేదు, సూత్రం రాశాం. 'స ప్రెఆవి దెబ్యుతరా అ ల దాత్ ద ప్రమియేర్ ప్రెజాంతాసియోన్ ద సెత్ లెత్ర్.' ఈ ఉత్తరం మొదటిసారి మీకు అందజేయబడిన తేదీ నుంచి ఈ గడువు మొదలవుతుంది. వెంటనే ఇంకో వాక్యం: 'జ వు రమెర్సి ద మ కోన్‌ఫిర్మె పార్ ఎక్రి ల దాత్ ద ఫేన్ ద మోన్ కోంత్రా.' నా ఒప్పందం ముగిసే తేదీని రాతపూర్వకంగా ఖరారు చేయగలరు. ఆఖరి రోజు లెక్కలో ఒక రోజు అటూ ఇటూ రావడం మామూలే. ఆ తేదీ వాళ్ల చేతే రాయిస్తే ఆ గొడవ ఉండదు.

ఇక ఆమె అసలు ఇబ్బంది. జనవరి 30న పోస్టు చేశాం, ఫిబ్రవరి 1న క్లినిక్‌కి చేరింది. రెండు నెలలంటే మార్చి 31 సాయంత్రానికి. డబ్లిన్‌లో చేరాల్సింది మార్చి 25న. ఇది చాలదన్నట్టు ఇంకొకటి. ఊళ్లో తమ్ముడి పెళ్లికని ఫిబ్రవరి 19 నుంచి 25 దాకా సెలవు పెట్టుకుంది. నవంబరులోనే మంజూరైంది. రాజీనామాకి ముందే తేదీలతో సహా ఖాయమైన జీతపు సెలవు గడువు మధ్యలో పడితే ఆ రోజులు గడువు ఆగిపోతుంది, తర్వాత అన్ని రోజులు ముందుకి జరుగుతుంది. అంటే ఏప్రిల్ 7. ఈ సంగతి ఆమెకు తెలియదు. నిజం చెప్పాలంటే మన వేదికలో చాలామందికి తెలియదు. మామూలు జబ్బు సెలవు అలా కాదు, జ్వరంతో వారం పడుకున్నా గడువు నడుస్తూనే ఉంటుంది.

జనవరి 5నాటి ఉత్తరమే సరిగ్గా ఉండి, సంతకం తీసుకుని ఉంటే, పెళ్లి సెలవు కలుపుకున్నా మార్చి 12 ప్రాంతానికి ఆమె పని అయిపోయేది. ఇప్పుడు పదహారు రోజులు అటువైపు మిగిలిపోయాయి.

చెప్పకుండా వెళ్లిపోతే ఏమవుతుంది అని ఆమె భర్త అడిగాడు. గడువు పనిచేయకుండా వెళ్లిపోయిన ఉద్యోగిని, ఆ మిగిలిన రోజుల జీతానికి సమానమైన సొమ్ము కట్టమని యజమాని అడగవచ్చు. అందరూ అడగరు. అడిగినప్పుడు మాత్రం మన చేతిలో జవాబు ఉండదు. కాబట్టి దారి ఒక్కటే. గడువు తగ్గించమని అడగడం. దీన్ని ఇక్కడ దిస్పాన్స్ అంటారు. ఉత్తరం మొత్తంలో నిజంగా అభ్యర్థన అన్నది ఇదొక్కటే. ఇది ఒప్పుకోవాలో లేదో వాళ్ల ఇష్టం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రాజీనామా, అభ్యర్థన రెండూ ఒకే కాగితంలో ఉంటే ఒకదానికొకటి ముడిపడినట్టు కనిపించకూడదు. మార్చి 22న వదిలేస్తే రాజీనామా చేస్తాను అన్నట్టు ధ్వనిస్తే మొదటి ఉత్తరం జబ్బే మళ్లీ వచ్చినట్టు. అందుకే రెండు వాక్యాలు పక్కపక్కనే పెట్టాం. 'జ సొలిసీత్ తుత్‌ఫ్వా యూన్ దిస్పాన్స్ ద ప్రెఆవి అ కోంతె ద్యు 23 మార్స్ 2024. అ దెఫో దకోర్ ద వొత్ర్ పార్, జెఫెక్త్యురె మోన్ ప్రెఆవి జ్యుస్క సోన్ తెర్మ్.' అయితే 2024 మార్చి 23 నుంచి గడువు మినహాయింపు కోరుతున్నాను. మీరు అంగీకరించని పక్షంలో చివరి రోజు దాకా గడువు పూర్తిచేస్తాను. ఈ రెండో వాక్యం రాయడానికి ఆమె ఒప్పుకోలేదు. కాదంటే నిజంగా ఉండిపోవాలా అంది. రాసినా రాయకపోయినా చట్టం అదేనమ్మా, రాస్తే వాళ్లకు నీ మీద నమ్మకం కుదురుతుంది అన్నాను. గంటసేపు వాదించుకున్నాం. చివరికి ఆమె భర్త టీ పెట్టి తెచ్చి, రాసేయమన్నాడు.

మినహాయింపు విషయంలో డబ్బు లెక్క గుర్తుంచుకోండి. మీరు అడిగితే వాళ్లు ఒప్పుకున్నారనుకోండి, పనిచేయని రోజులకు జీతం రాదు, ఒప్పందం ఆ రోజుతోనే ముగుస్తుంది. మీరు అడక్కుండా వాళ్లంతట వాళ్లే 'రేపటి నుంచి రానక్కర్లేదు' అంటే మాత్రం గడువు మొత్తానికి జీతం ఇవ్వాలి. కొందరు యజమానులు అలా చెప్పి, నువ్వే అడిగినట్టు ఒక కాగితం రాసివ్వు అంటారు. ఆ కాగితం మీద సంతకం పెడితే ఆ జీతం పోయినట్టే. ఇంకోటి, జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు. రాతలో వచ్చేదాకా టికెట్టు కొనకండి.

చివరి లైను: 'జ వు ప్రి దగ్రెయె, మదామ్ ల దిరెక్త్రీస్, మె సల్యుతాసియోన్ దిస్తేంగె.' దీన్ని తెలుగులోకి తెస్తే నవ్వొస్తుంది, నా విశిష్ట వందనాలను స్వీకరించమని ప్రార్థిస్తున్నాను అని. పైన ఏ పేరుతో పిలిచామో మధ్యలో మళ్లీ అదే పిలవాలి. మన విధేయురాలు, సవినయంగా, దయతో అన్నీ ఈ ఒక్క లైనులో ఇమిడిపోతాయి. కింద సంతకం.

ఇందులో లేనిదాన్ని గురించి కూడా చెప్పాలి. ఆ క్లినిక్‌లో రాత్రి డ్యూటీల్లో అదనపు గంటలు కొన్ని ఆమెకు చెల్లించలేదు. అది ఉత్తరంలో ఎక్కించి తీరాలంది. కోపం న్యాయమే. కానీ రాజీనామాలో యజమాని మీద ఫిర్యాదులు రాస్తే ఆ కాగితం స్వభావమే మారిపోతుంది. నేను నా ఇష్టంతో మానేస్తున్నానా, వాళ్ల తప్పు వల్ల మానాల్సి వచ్చిందా అన్న ప్రశ్న లేస్తుంది. అది కార్మిక న్యాయస్థానం తేల్చాల్సిన వేరే దారి. నిజంగా వేధింపులో, జీతాల ఎగవేతో ఉండి మానాల్సి వస్తే ముందు యూనియన్ దగ్గరికో, వకీలు దగ్గరికో వెళ్లండి, ఆ తర్వాతే కాగితం రాయండి. ఈమెది అంతదాకా రాలేదు. డబ్లిన్ ఉద్యోగం కోసమే వెళుతోంది. కాబట్టి గంటల లెక్క తేదీలతో వేరే ఉత్తరంలో పెట్టాం. జీతం బాకీ అడగడానికి చట్టంలో మూడేళ్ల గడువు ఉంది, రాజీనామా చేసినంత మాత్రాన ఆ హక్కు పోదు. పందొమ్మిది గంటలు అడిగితే ఆఖరి చీటీలో పదకొండు వచ్చాయి.

ఉత్తరం ఇచ్చే పద్ధతి రెండే రకాలుగా పెట్టుకోండి. ఒకటి రసీదు తిరిగొచ్చే రిజిస్టర్డు పోస్టు. రెండోది చేతికి ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో సంతకం తీసుకోవడం. దీన్ని 'రెమీజ్ ఆన్ మేన్ ప్రోప్ర్' అంటారు. ఆ మాట ఉత్తరం పైనే టైపు చేసి తీసుకెళితే సంతకం అడగడానికి మొహమాటం ఉండదు, కాగితమే అడుగుతుంది. ఎవరైనా సంతకానికి వెనకాడితే వాదించకుండా పోస్టాఫీసుకి నడవండి.

ఈ నమూనా అందరికీ పనికిరాదు. మీది సే-దే-దే, అంటే ముగింపు తేదీ ఉన్న ఒప్పందం అయితే మామూలు రాజీనామా అన్నదే కుదరదు. యజమానితో ఒప్పుకుని ఇద్దరూ సంతకం పెట్టాలి, లేదా వేరేచోట సే-దే-ఈ వచ్చిందని కాగితం చూపించాలి. ఇంకా పరీక్షా కాలంలో ఉన్నవాళ్లకు గడువు నెలల్లో కాదు, గంటల్లోనూ రోజుల్లోనూ ఉంటుంది. మీ నివాస కార్డు ఉద్యోగం మీద ఆధారపడి ఉంటే ఇంకా జాగ్రత్త. ఉద్యోగం మన చేతుల్లో లేకుండా పోయినవాళ్లకు కార్డు విషయంలో చట్టం కొంత ఊపిరి ఇస్తుంది. తానే మానేసినవాళ్లకు అది ఉండదు. నిరుద్యోగ భృతి కూడా అంతే. కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప రాజీనామా చేసినవాళ్లకు రాదు.

మన కుర్రాళ్లు కొందరు ఊరెళ్లి తిరిగి రాకుండా, ఉత్తరమూ లేకుండా వదిలేస్తుంటారు. వాళ్లే తీసేస్తారులే అనుకుంటారు. 2023 నుంచి ఆ ఆట మారింది. యజమాని పనికి రమ్మని హెచ్చరిక ఉత్తరం పంపి, కనీసం పదిహేను రోజులు గడువిచ్చి చూస్తాడు. సరైన కారణం చెప్పకుండా, తిరిగి రాకుండా ఉంటే రాజీనామా చేసినట్టే భావిస్తారు. ఆ హెచ్చరిక మీ పాత గది చిరునామాకి వస్తుంది. మీరేమో కరీంనగర్‌లోనో కాకినాడలోనో ఉంటారు.

ఆమె సంగతి ముగిస్తాను. ఫిబ్రవరి 9న క్లినిక్ జవాబు ఇచ్చింది. గడువు ఏప్రిల్ 7తో ముగుస్తుందని, అడిగినట్టే మార్చి 22 సాయంత్రం నుంచి వదిలేస్తున్నామని, ఆ తర్వాత రోజులకు జీతం ఉండదని. మార్చి 22, శుక్రవారం డ్యూటీ దిగి మూడు కాగితాలు తీసుకుంది. పనిచేసిన సర్టిఫికెట్టు, నిరుద్యోగ సంస్థ ఫ్రాన్స్ త్రవాయ్‌కి ఇవ్వాల్సిన ధృవీకరణ, ఆఖరి లెక్కల రసీదు. వాడుకోని సెలవుల డబ్బు అందులోనే ఉంటుంది, సరిచూసుకోండి. ఆ రసీదు మీద సంతకం పెట్టినా ఆరు నెలల్లోగా లెక్క తప్పని రాతలో అభ్యంతరం చెప్పొచ్చు. ఆదివారం ఒక్కతే విమానం ఎక్కింది. ఇల్లు ఖాళీ చేయడం, పాప బడి కాగితాలు, అంతా భర్త మీద పడింది. ఆ రెండు వారాలు చేతిలో ఉండి ఉంటే ముగ్గురూ కలిసి వెళ్లేవాళ్లు.

ఉత్తరం నకళ్లు తలుపు పక్క బల్ల మీద ఉన్నాయి. తేదీల దగ్గర, గడువు దగ్గర, హోదా దగ్గర కావాలనే ఖాళీలు వదిలాం. నింపేముందు మీ ఒప్పందం, ఆఖరి జీతం చీటీ, మంజూరైన సెలవుల కాగితం మూడూ పట్టుకుని రండి. నేను సాయంత్రం అయిదు దాకా ఇక్కడే ఉంటాను.